సానా, ఆవిరి గది, వేడి నీళ్ల స్నానం: గుండె జబ్బు ఉన్నవారికి ఏది సరిపోతుంది, నాడి ఎంతవరకు పెరగవచ్చు

పొడి వేడి గది అయిన సానా తలుపు మీద 90 డిగ్రీలని రాసి ఉంటుంది. ఆవిరి గది మీద 45, వేడి నీళ్ల తొట్టి మీద 41. స్టెంట్ వేయించుకుని కొన్ని నెలలైన మనిషి ఈ మూడు అంకెలూ చూసి, 90కి భయపడి, 45 అంటే మన మే నెల ఎండే కదా అనుకుని ఆవిరి గదిలోకి వెళ్తాడు. కర్నూలు, అనంతపురం, కడపల్లో వేసవి ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆ లెక్క సబబుగానే తోస్తుంది. కానీ గుండె మీద ఎంత బరువు పడుతుందో తలుపు మీది అంకె చెప్పదు. ఒంట్లోకి ఎంత వేడి చేరుతోంది, చేరిన వేడి బయటికి పోవడానికి దారి ఉందా, లేచి నిలబడినప్పుడు రక్తపోటు నిలుస్తుందా అన్న మూడు విషయాలు చూస్తే ఆ మూడు గదుల వరుస పూర్తిగా మారిపోతుంది.

గుండె రోగులకు నడక, వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టుగా నేను ఈ ప్రశ్న తరచుగా వింటున్నాను. మన పట్టణాల జిమ్ములలో ఆవిరి గదులు మామూలైపోయాయి. పిల్లలు సభ్యత్వం కట్టి నాన్నను కూడా తీసుకెళ్తున్నారు. వద్దు అని ఒక్క మాటతో చెప్పేస్తే సులువే గానీ అది నిజం కాదు. జబ్బు అదుపులో ఉన్న చాలామందికి కొంత వేడి పనికొస్తుంది. అందరికీ ఒకే వేడి పనికిరాదు.

నాడి ఎందుకు పెరుగుతుంది

ఒళ్లు వేడెక్కగానే శరీరం ముందుగా చేసే పని రక్తాన్ని చర్మానికి పంపడం. అక్కడి సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి, లోపలి వేడి చర్మం దాకా వచ్చి బయటికి పోవాలని చూస్తుంది. మామూలుగా కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో పదో వంతు కూడా చర్మానికి అవసరం ఉండదు. బాగా వేడిగా ఉన్న సానాలో సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే అటు వెళ్తుంది. కడుపుకూ మూత్రపిండాలకూ వెళ్లే రక్తాన్ని శరీరం కొంత తగ్గిస్తుంది గానీ, అది చాలదు. గుండె మొత్తం మీద ఎక్కువ రక్తం పంపాలి.

గుండె నిమిషానికి పంపే రక్తం అంటే, ఒక్కో కొట్టుడుకు పంపేది ఎంతో దాన్ని నాడితో గుణించడమే. నడిచేటప్పుడు పిక్కల కండరాలు సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తాయి కాబట్టి గుండె బాగా నిండుతుంది, ఒక్కో కొట్టుడుకు పంపేది కూడా పెరుగుతుంది. సానా బల్ల మీద మనిషి కదలకుండా కూర్చుంటాడు. రక్తం చర్మంలో, కాళ్లలో నిలిచిపోతుంది. అందుకే కొట్టుడుకు పంపేది పెద్దగా పెరగదు. పెరగాల్సిందంతా నాడే పెరగాలి. దీనికి తోడు, వేడెక్కిన రక్తం గుండె లయను నడిపే కణాలను తాకినప్పుడు అవి తమంతట తామే వేగం పెంచుతాయి. జ్వరంలో నాడి పెరిగేది కూడా ఇందుకే. శరీర వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే నాడి సుమారు 8 నుంచి 10 దాకా పెరుగుతుంది.

ఆరోగ్యంగా ఉన్నవారికి సానాలో నాడి 100 దాటడం మామూలే, ఎక్కువసేపు కూర్చుంటే 150 దాకా కూడా వెళ్తుంది. గుండె పడే శ్రమ చురుకైన నడకకు దగ్గరగా ఉంటుంది. తేడా ఏమిటంటే, నడకలో ఆగితే శ్రమ వెంటనే తగ్గుతుంది. వేడిలోంచి బయటికి వచ్చాక కూడా ఒంట్లో చేరిన వేడి కొంతసేపు నాడిని పైనే ఉంచుతుంది. రక్తనాళాలు తెరుచుకునే ఉంటాయి. ప్రమాదాలు లోపల కూర్చున్నప్పటి కంటే లేచి నిలబడినప్పుడు, బయటికి వచ్చిన కొద్ది నిమిషాల్లో ఎక్కువగా జరగడానికి కారణం ఇదే.

మూడింటికీ తేడా ఎక్కడ

సానాలో గాలి పొడిగా ఉంటుంది, తేమ పది, ఇరవై శాతం. పొడి గాలి వేడిని ఒంటికి నిదానంగా ఇస్తుంది, పట్టిన చెమటను వెంటనే ఆరబెడుతుంది. చెమట ఆరుతూ వేడిని వెంట తీసుకుపోతుంది. అందుకే 80, 90 డిగ్రీల గదిలో పది నిమిషాలు కూర్చున్నా మనిషి లోపలి వేడి ఒక డిగ్రీ కూడా పెరగకపోవచ్చు. రాయలసీమ ఎండ కూడా పొడి ఎండే. బండ మీద నడిచినా చొక్కా ఆరిపోతూ ఉంటుంది. మన ఒళ్లు ఎరిగిన వేడికి ఈ మూడింటిలో దగ్గరి చుట్టం సానానే.

ఆవిరి గది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ తేమ నూరు శాతం. చెమట పడుతుంది గానీ ఆరదు, కాబట్టి చల్లబరచదు. అంతటితో ఆగదు. చల్లని నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయట నీటి బిందువులు పేరుకున్నట్టే, 45 డిగ్రీల ఆవిరి తన కంటే చల్లగా ఉన్న చర్మం మీద నీరుగా మారుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడినంతా చర్మానికి ఇచ్చేస్తుంది. ఒంటి మీద కారేదంతా చెమట అని, ఒంట్లోని చెడు అంతా పోతోందని చాలామంది సంతోషిస్తారు. అందులో పెద్ద భాగం గదిలోని ఆవిరే. ఒంట్లోంచి వేడి పోయే దారి మూసుకుపోయి, పైనుంచి మరింత వేడి చేరుతున్న స్థితి అది. 45 అనే చిన్న అంకె వెనక ఉన్న సంగతి ఇదే. విజయవాడ ఉక్కపోతలో పది నిమిషాలకే నీరసపడే మన సీమ మనిషికి ఆ మాట అర్థం కావడం కష్టం కాదు.

ఆయుర్వేద, ప్రకృతి చికిత్స కేంద్రాల్లో ఉండే ఆవిరి పెట్టె వేరు. తల బయట ఉంటుంది, పీల్చే గాలి చల్లగా ఉంటుంది, ముఖం మీద తడిగుడ్డ వేస్తారు. ఇది ఆవిరి గది కంటే కొంత మేలు. కానీ ముఖం చల్లగా ఉండటం వల్ల లోపల ఎంత వేడెక్కామో తెలియదు, పైగా తలుపులు తీసుకుని తనంతట తాను బయటికి రావడం కష్టం. పక్కన మనిషి లేకుండా గుండె రోగి ఆ పెట్టెలో కూర్చోకూడదు.

వేడి నీళ్ల తొట్టిలో వేడి ఒక్కటే కాదు, నీటి ఒత్తిడి కూడా పని చేస్తుంది. నీరు గాలి కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని ఒంటికి చేరుస్తుంది. మెడ దాకా మునిగితే చుట్టూ ఉన్న నీరు కాళ్లలోని, పొట్టలోని రక్తాన్ని పైకి నొక్కుతుంది. సుమారు 700 మిల్లీలీటర్ల రక్తం అదనంగా ఛాతీలోకి చేరుతుంది. బలంగా ఉన్న గుండె దాన్ని సులువుగా ముందుకు తోసేస్తుంది. బలహీనమైన గుండె తోయలేక, ఆ రక్తం ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది, ఆయాసం వస్తుంది. నీటిలోంచి ఒక్కసారిగా లేచి నిలబడితే ఆ ఒత్తిడి ఒక్క క్షణంలో పోతుంది. రక్తం కిందికి జారుతుంది, వేడికి తెరుచుకున్న నాళాలు దాన్ని ఆపలేవు, కళ్లు చీకట్లు కమ్ముతాయి. స్నానపు తొట్టె రోజువారీ అలవాటైన జపాన్‌లో వయసు మళ్లినవారు తొట్టెలో స్పృహ తప్పి మునిగిపోవడం పెద్ద సమస్య. అందుకే అక్కడి అధికారులు నీటి వేడి 41 డిగ్రీలు దాటవద్దని, పది నిమిషాలకు మించి ఉండవద్దని చెబుతారు.

మన ఇళ్లలో తొట్టెలు తక్కువ. బకెట్టు, చెంబు మన పద్ధతి. ఇది గుండె రోగికి ఎంత అనుకూలమో మనం గుర్తించం. చెంబుతో పోసుకునే నీళ్లకు ఒంటిని నొక్కే ఒత్తిడి ఉండదు. చెంబుకూ చెంబుకూ మధ్య తడి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయవచ్చు.

నాడి 84 దాటలేదు, మరి కళ్లెందుకు తిరిగాయి?

అనంతపురంలో ఒక పెద్దాయన, బ్యాంకు ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నారు. స్టెంట్ వేసి ఎనిమిది నెలలైంది. రోజూ అరగంట నడుస్తారు, నొప్పి లేదు. ఉదయం నాడిని తగ్గించే మెటోప్రొలాల్, దానితోపాటు బీపీకి, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే నీటి మాత్ర కలిసిన మందు వేసుకుంటారు. ఏప్రిల్‌లో ఒక ఉదయం నడక ముగించి, నీళ్లు పెద్దగా తాగకుండానే కొడుకుతో కలిసి జిమ్ములో ఆవిరి గదికి వెళ్లారు. పది నిమిషాలు కూర్చుని మణికట్టు దగ్గర నాడి చూసుకున్నారు, 84. నా దగ్గర నేర్చుకున్న లెక్క ప్రకారం అది హద్దులోనే ఉంది. ధైర్యంగా లేచారు. తలుపు దాకా వచ్చేసరికి కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారు. కొడుకు బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు పైకి పెట్టాడు. కొంతసేపటికి తేరుకున్నాక బీపీ చూస్తే పై అంకె 92. ఇంట్లో ఆయనకు మామూలుగా ఉండేది 118.

తరువాత నా దగ్గరికి వచ్చి, "మేడమ్, నాడి 84 దాటలేదు కదా, మరి కళ్లెందుకు తిరిగాయి?" అని అడిగారు.

ఆయనకు కాగితం మీద రాసి చూపిన లెక్క ఇది. విశ్రాంతిలో ఆయన నాడి 60. ఒక్కో కొట్టుడుకు సుమారు 75 మిల్లీలీటర్లు అనుకుందాం. అంటే నిమిషానికి నాలుగున్నర లీటర్లు. మందు లేని మనిషికి ఆ గదిలో నాడి 110 దాకా వెళ్లేది, అంటే ఎనిమిది లీటర్ల పైచిలుకు. చర్మం అడిగేది దాదాపు అంత. మెటోప్రొలాల్ నాడిని 84 దగ్గర ఆపేసింది. అంటే ఆరు లీటర్లు దాటి కొద్దిగా మాత్రమే. చర్మం అడగడం మానలేదు, గుండె ఇవ్వలేకపోయింది. ఆ రెండు లీటర్ల తేడా రక్తపోటు మీద పడింది. కూర్చున్నంతసేపూ ఎలాగో నెట్టుకొచ్చింది. లేచి నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగింది, మెదడుకు చాలలేదు. నీటి మాత్ర, తాగని నీళ్లు, అప్పుడే ముగించిన నడక కలిసి పరిస్థితిని మరింత దిగజార్చాయి. ఇవి అసలైన కొలతలు కావు, విషయం తెలియడానికి వేసిన లెక్క. కానీ జరిగేది ఈ దారిలోనే.

మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్, ఐవాబ్రడిన్ వంటి నాడిని తగ్గించే మందులు వేసుకునేవారికి నేను చెప్పదలచిన అసలు సంగతి ఇదే. మీ నాడి పెరగలేదంటే వేడి మిమ్మల్ని ఏమీ చేయలేదని అర్థం కాదు. హద్దు దాటారని చెప్పే గంట మోగకుండా మందు ఆపి ఉంచింది, అంతే. అలాగని వేడి స్నానం కోసం ఆ మాత్ర మానేయడం ఇంకా పెద్ద ప్రమాదం. హఠాత్తుగా ఆపితే నాడి, బీపీ ఒక్కసారిగా ఎగసి గుండెనొప్పి తిరగబెట్టవచ్చు. ఇలాంటివారు నాడిని కాకుండా గడియారాన్నీ, బీపీ మిషన్‌నూ నమ్ముకోవాలి.

ఎంతవరకు

వేడి స్నానాలకు ప్రత్యేకంగా అందరూ ఒప్పుకున్న నాడి హద్దు లేదు. గుండెపోటు వచ్చినవారికి, ఆపరేషన్ అయినవారికి తొలి వారాల్లో వ్యాయామం చేయించేటప్పుడు మేము వాడే హద్దు ఒకటుంది. విశ్రాంతి నాడి కంటే 20 నుంచి 30 వరకు పెరగవచ్చు, ఎట్టి పరిస్థితిలోనూ 120 దాటకూడదు. జబ్బు నిలకడగా ఉండి, నాడిని తగ్గించే మందులు లేనివారికి వేడిలో కూడా ఇదే హద్దు పెట్టుకోమంటాను. విశ్రాంతిలో 72 ఉంటే 100 దగ్గర బయటికి రావాలి. మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించండి. నాడి లయ తప్పి కొట్టుకునేవారు నిమిషమంతా లెక్కించాలి, 15 సెకన్ల లెక్క వారికి తప్పుతుంది.

మందులు ఉన్నవారికి తొలి పరీక్ష ఇంట్లోనే. ఐదు నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి. లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, వేడి లేకుండానే మీ శరీరం తడబడుతోంది. ఆవిరి, సానా, తొట్టి మూడూ మీకు ఇప్పుడు వద్దు. ఈ అంకెలు డాక్టరుకు చూపించండి, మందు మోతాదు సరిచేయాల్సి రావచ్చు. పడిపోకపోతే, గోరువెచ్చని బకెట్టు స్నానం తరువాత ఇదే పరీక్ష మళ్లీ చేయండి. అందులోనూ నిలబడితే అప్పుడు సానా మాట ఆలోచించవచ్చు.

సానాలో కింది బల్ల మీదే కూర్చోవాలి. వేడంతా పైకప్పు దగ్గర ఉంటుంది, కింది బల్లకూ పైబల్లకూ చాలా తేడా. గది 70 డిగ్రీలకు మించకుండా ఉంటే మంచిది. మొదటిసారి ఐదు నిమిషాలు చాలు, అలవాటయ్యాక పది. ఒక్కసారి బయటికి వచ్చాక మళ్లీ లోపలికి వెళ్లవద్దు. వేడి రాళ్ల మీద నీళ్లు చల్లే పని మీరున్నంతసేపూ వద్దనండి. ఆ నీళ్లు క్షణాల్లో పొడి గదిని ఆవిరి గదికి దగ్గర చేస్తాయి. ముగించేటప్పుడు కాళ్లు కిందికి పెట్టి, రెండు నిమిషాలు పిక్కలు, పాదాలు ఆడిస్తూ కూర్చుని, ఆ తరువాత గోడ పట్టుకుని లేవాలి.

ఆవిరి గదిని గుండె రోగులకు నేను సిఫారసు చేయను. తప్పనిసరై వెళ్తే ఐదు నిమిషాలు, తలుపు పక్కన, తోడు ఉన్నప్పుడే. మార్చి నుంచి జూన్ దాకా మన జిల్లాల్లో అది కూడా వద్దు. ఆ నెలల్లో ఒళ్లు ఉదయానికే సగం ఎండిపోయి ఉంటుంది.

తొట్టి దొరికితే నీళ్లు 38 నుంచి 40 డిగ్రీలు, బొడ్డు దాకా మాత్రమే, పది నిమిషాలు. 40 డిగ్రీలంటే ఫారెన్‌హీట్‌లో 104, మనం బాగా జ్వరం అనే వేడి. ఇంట్లో ఉండే డిజిటల్ జ్వరం థర్మామీటరు కొసను నీళ్లలో ముంచితే చాలు, ఆ వేడి వరకు సరిగ్గానే చూపిస్తుంది.

ఎక్కడైనా సరే, బయటికి రాగానే చన్నీళ్ల షవర్ కింద నిలబడవద్దు, చల్లని తొట్టిలో దూకవద్దు. వేడికి తెరుచుకున్న నాళాలు చన్నీళ్లకు ఒక్కసారిగా బిగుసుకుంటాయి, బీపీ ఎగురుతుంది, లయ తప్పవచ్చు. పది నిమిషాలు నీడలో కూర్చుని, ఒకటి రెండు గ్లాసుల నీళ్లు తాగి, ఆ తరువాత గోరువెచ్చని నీళ్లతో కడుక్కోండి. నీళ్లు రోజుకు ఇంతే తాగాలని డాక్టరు కొలత పెట్టినవారు ఆ కొలతలోనే తాగాలి. మద్యం తాగి వేడి గదిలోకి వెళ్లడం మాత్రం ఏ జాగ్రత్తతోనూ సరిదిద్దలేనిది. సానాలో జరిగిన ఎన్నో మరణాల్లో మద్యం పాత్ర కనిపించింది.

ఎవరికి ఏది

స్టెంట్ వేసి లేదా బైపాస్ చేసి కొన్ని నెలలైంది, రెండంతస్తుల మెట్లు నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలరు, డాక్టరు మామూలు వ్యాయామానికి అనుమతించారు. అలాంటివారికి పైన చెప్పిన పద్ధతిలో సానా మంచి ఎంపిక. తూర్పు ఫిన్లాండ్‌లోని కుయోపియో ప్రాంతంలో 2,315 మంది నడివయసు మగవాళ్లను సుమారు 20 ఏళ్లు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి నాలుగు నుంచి ఏడుసార్లు సానాకు వెళ్లేవారిలో హఠాత్తుగా గుండె ఆగి చనిపోవడం, వారానికి ఒక్కసారి వెళ్లేవారి కంటే తక్కువగా కనిపించింది. కానీ వాళ్లు చిన్ననాటి నుంచీ సానాలో పెరిగినవాళ్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువసార్లు వెళ్లి ఉండవచ్చు కూడా. అరవై ఏళ్లకు కొత్తగా మొదలుపెట్టే మన మనిషికి ఆ లాభం అలాగే వస్తుందని నేను చెప్పను.

గుండె బలహీనపడి నీరు చేరే జబ్బు ఉన్నవారి సంగతి కాస్త ఆశ్చర్యంగా ఉంటుంది. వేడి వారికి పూర్తిగా నిషిద్ధమని ఒకప్పుడు అనుకునేవారు. జపాన్‌లో కగోషిమా విశ్వవిద్యాలయ వైద్యులు 1990లలో వేరే దారి చూపించారు. 60 డిగ్రీల పొడి గదిలో 15 నిమిషాలు, తరువాత దుప్పటి కప్పుకుని అరగంట పడుకోవడం, పోయిన చెమట మేరకు నీళ్లు తాగడం. రక్తనాళాలు తెరుచుకోవడంతో గుండె తోయాల్సిన బరువు తగ్గి, దాని పని మెరుగైంది. నాడి సుమారు 20 నుంచి 25 మాత్రమే పెరిగింది. దీనికి వాళ్లు పెట్టిన పేరు వాఒన్ చికిత్స. అక్కడ వేడి ఎంతో, సమయం ఎంతో, పడుకునే పద్ధతి ఏమిటో అంతా వైద్యుల చేతిలో ఉంది. జిమ్ములోని గదికీ దానికీ పోలిక లేదు. కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరగడం వంటివి ఉన్నప్పుడు ఏ వేడీ వద్దు. అవి లేనప్పుడు కూడా వీరికి ఇంట్లో గోరువెచ్చని బకెట్టు స్నానమే సరైనది. మెడ దాకా నీళ్లలో కూర్చోవడం మాత్రం ఎన్నడూ వద్దు.

చిన్నప్పటి కీళ్లజ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకైనవారు మన దగ్గర తక్కువేమీ కాదు, వారిలో ముప్పై, నలభై ఏళ్ల ఆడవాళ్లు ఎక్కువ. వీరికి నాడి పెరగడమే హాని. ఇరుకు కవాటం గుండా రక్తం దిగడానికి రెండు కొట్టుడుల మధ్య వ్యవధి కావాలి. నాడి 110 అయితే ఆ వ్యవధి కుంచించుకుపోతుంది, రక్తం వెనక్కి నిలిచి ఊపిరితిత్తులు నిండుతాయి. ఈ జబ్బు ఉన్నవారికి ఆవిరీ సానా రెండూ వద్దు, కవాటానికి చికిత్స అయ్యాక డాక్టరు చెబితే తప్ప.

బృహద్ధమని కవాటం బాగా ఇరుకైనవారు, ఈ మధ్యే గుండెపోటు వచ్చినవారు, విశ్రాంతిలోనే నొప్పి వచ్చేవారు, లయ అదుపులో లేనివారు, బీపీ అదుపు తప్పినవారు కూడా దూరంగా ఉండాలి. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే ఐసోసార్బైడ్ మాత్ర వేసుకున్న రోజున వేడి గదికి వెళ్లకూడదు. ఆ మాత్ర, వేడి రెండూ నాళాలను తెరుస్తాయి, బీపీ ఎంత పడుతుందో చెప్పలేం. లోపల ఉండగా ఛాతీలో బిగువు, దవడకో చేతికో పాకే నొప్పి, లయ తప్పిన దడ, చల్లచెమట వస్తే వెంటనే బయటికి రావాలి. ఐదు నిమిషాల్లో నొప్పి పోకపోతే 108కి ఫోన్ చేయండి. కళ్లు తిరిగినవారిని కూర్చోబెట్టి నెత్తిన చన్నీళ్లు గుమ్మరించకుండా, చల్లని చోట పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి.

ఇక ఇంటి స్నానం గురించి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున తలంటుకని మరిగే నీళ్లు తోడి, కిటికీ మూసిన చిన్న గదిలో ఎత్తులేని పీట మీద కూర్చునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఆ గది పది నిమిషాల్లో ఆవిరి గదే అవుతుంది. వెంటిలేటరు తెరిచి ఉంచండి. పీట బదులు ప్లాస్టిక్ కుర్చీ వేయండి, మోకాళ్లు పైకి వచ్చేంత కిందికి కూర్చుని ఒక్కసారిగా లేవడం బీపీని పడేస్తుంది. బకెట్టులో వేడి కలిపాక 104 ఫారెన్‌హీట్ దాటిందేమో చూడండి. లోపల గొళ్లెం పెట్టుకోవద్దని పెద్దవాళ్లకు చెప్పండి. స్నానాల గదిలోనే గ్యాస్ గీజర్ ఉంటే దాన్ని బయటికి మార్పించండి. మూసిన గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు వాసన ఉండదు. రక్తంలో ఆక్సిజన్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. పూడిన రక్తనాళాలున్న గుండె అందరికంటే ముందు దెబ్బతింటుంది. అప్పుడు వచ్చే తలనొప్పినీ కళ్లు తిరగడాన్నీ ఇంట్లోవాళ్లు వేడి నీళ్ల వల్లేనని అనుకునే ప్రమాదం ఉంది.